నవరాత్రి కాదు... ఎన్ అవర్ ఆర్ టూ!

తొమ్మిదే మాటలు. అన్నీ తెలిసినవే. అయినా ఒక్కటీ అర్థం కాలేదు. కల్యాణదుర్గం దగ్గరి పల్లెలో వేరుసెనగ పండించే ఇంట్లో పుట్టిన ఓ డిగ్రీ అమ్మాయికి ఎదురైన చిక్కు ఇది. ఆ చిక్కును విప్పింది ఇంగ్లిషు కోచింగ్ సెంటరు కాదు... పదవీ విరమణ చేసిన ఓ తెలుగు మాస్టారు!

*

ఫోన్ మోగినప్పుడు ఆమె మిద్దె మీద ఉంది. సిగ్నల్ అక్కడే బాగా వస్తుంది మరి. బెంగళూరులో ఉద్యోగం. మొదటి వడపోత ఫోన్లోనే. అవతల మాట్లాడుతున్న పెద్దమనిషి లండన్‌లో చాలాకాలం ఉండి వచ్చినవాడు. పేరు, ఊరు, చదువు... ఆ ప్రశ్నలన్నీ ఊహించినవే కాబట్టి గబగబా జవాబులు చెప్పేసింది. ఇక ఫోన్ పెట్టేస్తారనుకుంటున్న సమయంలో ఆయన చివరగా ఓ మాట అడిగాడు. ఆమె చెవికి అది ఇలా వినిపించింది:

''వ్యుగాటనవరటూవాన్ ఫ్రైడే?''

''నవరా... అని వినిపించింది. దసరా రోజులు గదా, నవరాత్రికి సెలవేమన్నా కావాలా అని అడుగుతాండాడేమో అనుకున్యా. వద్దులే అని 'నో సర్' అంటి'' అని నవ్వుతూ చెప్పిందామె. ఇప్పుడైతే నవ్వుతోందిగానీ అప్పుడు నవ్వలేదు. ఎందుకంటే ఆయన అడిగింది సెలవు గురించి కాదు. ''హావ్ యూ గాట్ ఎన్ అవర్ ఆర్ టూ ఆన్ ఫ్రైడే?''... శుక్రవారం ఓ గంటో రెండు గంటలో తీరిక ఉందా అని! రెండో విడత ఇంటర్వ్యూకి పిలుపది. ఈమె లేదనేసింది. ఆయన 'సరే, థాంక్యూ' అని పెట్టేశాడు. మళ్లీ ఫోన్ రాలేదు.

(పేరు రాయొద్దంది. సరేనన్నాం.)

ఆ సంభాషణ ఆమె ఫోన్లో రికార్డయి ఉంది. ఇరవైసార్లు విన్నా అర్థం కాలేదట. చివరికి పక్కవీధిలో ఉండే తెలుగు మాస్టారి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన హైస్కూల్లో ఆమెకు వ్యాకరణం చెప్పినాయన. కళ్లు మూసుకుని మూడుసార్లు విని, ''దీన్లో ఏముంది పాపా! ఇంగ్లీషోనికి గూడా సంధులుండాయి. విడదీస్తే సరిపాయె'' అన్నాడట.

మాస్టారు సరదాకి అన్నా అందులో శాస్త్రం ఉంది. పదాలు పక్కపక్కన చేరినప్పుడు ధ్వనులు మారిపోవడాన్ని ప్రపంచమంతటా భాషాశాస్త్రవేత్తలు పిలిచే పేరు మన దగ్గర్నుంచి వెళ్లిందే... సంధి! ఇంగ్లండులో, అమెరికాలో అచ్చయ్యే ధ్వనిశాస్త్ర పుస్తకాల్లోనూ ఆ సంస్కృతపదమే ఉంటుంది. పదో తరగతిలో మార్కులకోసం బట్టీపట్టి, ఆ సాయంత్రమే మరిచిపోయే ఉత్వసంధి, యడాగమం, రుగాగమం... వేగంగా మాట్లాడే ఇంగ్లిషును పట్టుకోవడానికి పనికొస్తాయంటే నమ్మబుద్ధి కాదు. మేమూ మొదట నమ్మలేదు.

బస్సెక్కినంత సులువు

మనమెవరమైనా 'బస్సు ఎక్కినాను' అని విడివిడిగా అంటామా? 'బస్సెక్కినాను' అంటాం. బస్సులోని చివరి ఉకారం పోయింది, మిగిలిన హల్లు వెనకున్న అచ్చును ఎక్కించుకుంది. ఉత్తుకు అచ్చు పరమైతే జరిగే సంధి ఇదే. ''ఎందుకప్పా'', ''లేదప్పా'' అని అనంతపురంలో ఎవరిని కదిపినా నిమిషానికి పదిసార్లు చేసే పనిది.

ఇంగ్లిషు పదాల్లో చాలావాటి చివర హల్లే ఉంటుంది. తీసేయడానికి ఉకారం కూడా లేదు. కాబట్టి తర్వాతి పదం అచ్చుతో మొదలైతే చాలు, ఆ హల్లు అటు దూకేస్తుంది. 'పిక్ ఇట్ అప్' మూడు మాటలు కాదు, 'పికిటప్' అనే ఒకే మాట. 'నాట్ ఎట్ ఆల్' కాస్తా 'నాటటాల్'. 'టర్న్ ఆఫ్'... 'టర్నాఫ్'.

ఇక్కడ తమాషా ఏమిటంటే, మనవాళ్లు ఇంగ్లిషు పదాలకు ఉకారం తగిలించి 'పిక్కు', 'ఇట్టు', 'అప్పు' అంటారని ఇంగ్లిషు మాస్టార్లు తెగ కోప్పడతారు. కానీ ఆ మూడింటికీ ఉత్వసంధి చేసి చూడండి. 'పిక్కిట్టప్పు'! ఒత్తులూ, చివరి ఉకారమూ తీసేస్తే అచ్చం దొర నోటి మాట. మనం తప్పు చేస్తున్నది ఉకారం పెట్టడంలో కన్నా, పెట్టాక సంధి చేయకుండా ఆగిపోవడంలో.

పుస్తకంలో చదివిన ఇంగ్లిషుతో వచ్చిన చిక్కు కూడా ఇదే. కాగితం మీద పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉంటుంది. చెవి కూడా ఆ ఖాళీ కోసం వెతుక్కుంటుంది. మాటలో ఆ ఖాళీ ఉండదు. 'ఎన్ అవర్' అన్నప్పుడు నకారం అవర్ మీదికి దూకి 'నవర్' అయింది. మన అమ్మాయికి 'నవర్' అనే ఇంగ్లిషు మాట తెలీదు. తెలిసిన వాటిల్లో దగ్గరగా ఉన్నది నవరాత్రి. చెవి ఎప్పుడూ అంతే... తెలియని దాన్ని తెలిసిన దానికి ముడేసుకుంటుంది.

ఒక రకారం బతికింది, ఒకటి పోయింది

మళ్లీ ఆ వాక్యం దగ్గరికే వద్దాం. 'అవర్ ఆర్ టూ' అన్న మూడు మాటల్లో రెండు రకారాలున్నాయి. ఆయన నోట్లో ఒకటే పలికింది: 'అవరటూ'. రెండోది ఏమైనట్టు?

దీనికి కాస్త చరిత్ర ఉంది. ఒకప్పుడు ఇంగ్లండులో రాసిన ప్రతి రకారాన్నీ పలికేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ చుట్టుపక్కల అది మెత్తబడిపోవడం మొదలైంది. 1791లో జాన్ వాకర్ వేసిన ఉచ్చారణ నిఘంటువులోనే లండన్‌వాళ్ల రకారం బలహీనంగా ఉంటుందన్న సంగతి నమోదైంది. పోనుపోను హల్లుకు ముందూ, మాట చివరా పూర్తిగా మాయమైంది. 'కార్' అన్నది 'కా...' అయింది. 'ఫార్' అన్నది 'ఫా...' అయింది. అయితే వెనకాల అచ్చు వస్తే మాత్రం పాత రకారం లేచి కూచుంటుంది. 'ఫార్ అవే' అంటే 'ఫారవే'. 'ఫోర్ ఓవర్స్' అంటే 'ఫోరోవర్జ్'.

ఇప్పుడు లెక్క సరిపోతుంది. అవర్ తర్వాత 'ఆర్' అని అచ్చు వచ్చింది కాబట్టి మొదటి రకారం బతికింది. ఆ 'ఆర్' తర్వాత టకారం, అంటే హల్లు వచ్చింది కాబట్టి రెండోది పోయింది. వ్యాకరణం బాగా గుర్తున్నవాళ్లకు మన ద్రుతం మనసులో మెదలాలి. అచ్చు వస్తే నిలిచి, లేకపోతే ఊడిపోయే నకారం మనకు ఉన్నట్టే, బ్రిటిష్‌వాళ్లకు ఈ రకారం.

కథ అంతటితో ఆగలేదు. అచ్చుకూ అచ్చుకూ మధ్య రకారం వస్తుందన్న అలవాటు ముదిరి, అసలు స్పెల్లింగులోనే రకారం లేనిచోట కూడా వచ్చి కూచుంది. 'లా అండ్ ఆర్డర్' అనమంటే చాలామంది ఇంగ్లండువాళ్లు 'లారండార్డర్' అంటారు. లారా నార్డర్ అనే ఆవిడ ఎవరని అక్కడ ఎప్పట్నుంచో ఓ జోకు కూడా ఉంది. 'ఇండియా అండ్ పాకిస్తాన్' అన్నది వాళ్ల క్రికెట్ కామెంటరీలో 'ఇండియరన్ పాకిస్తాన్' అవుతుంది. విన్నప్పుడల్లా మధ్యలో 'రన్' ఎక్కడినుంచి వచ్చిందా అనుకునేవాళ్లం. రన్ కాదది, రకారం!

లేని రకారం రావడం వింతగా ఉందా? 'పేద', 'ఆలు' కలిపితే ఏమవుతుంది? పేదాలు కాదు. పేదరాలు! మనుమరాలు, బీదరాలు... అన్నీ అంతే. రుగాగమ సంధి అని చెవి మెలిపెట్టి మరీ నేర్పించారు కదా. రెండు అచ్చుల మధ్య రకారాన్ని కూచోబెట్టడం మనకు పరాయి విద్యేం కాదు. తేడా ఒక్కటే. మన రుగాగమం కొన్ని మాటలకే, అదీ 'ఆలు' వెనకాల వచ్చినప్పుడే. వాళ్లది 'ఆ', 'ఆఁ' లాంటి నోరు తెరిచే అచ్చులతో ముగిసే ఏ మాట తర్వాతైనా.

ఓ హెచ్చరిక. ఇదంతా బ్రిటిష్, ఆస్ట్రేలియా మాటతీరు. అమెరికావాళ్లలో ఎక్కువమంది రాసిన ప్రతి రకారాన్నీ పలుకుతారు కాబట్టి రెండు రకారాలూ వినిపిస్తాయి. లేనిచోట తెచ్చిపెట్టుకోవడం కూడా వాళ్లలో అరుదు. వాళ్లతో వేరే చిక్కు. అచ్చుల మధ్య టకారాన్ని నాలుకతో అలా తాకి వదిలేస్తారు. 'పుట్ ఇట్ ఆన్' అంటే మన చెవికి 'పుడిడాన్' అనో, 'పురిరాన్' అనో వినపడుతుంది.

మావూరు, మాయిల్లు

వాక్యంలో ఇంకో ముడి మిగిలింది. 'టూ ఆన్' అన్నది 'టూవాన్' ఎందుకయింది? మధ్యలో వకారం ఎవరిచ్చారు?

'మా ఊరు' అని రాస్తాం. 'మావూరు' అంటాం. 'మా ఇల్లు' అని రాస్తాం. 'మాయిల్లు' అంటాం. రెండు అచ్చులు ఎదురెదురుగా నిలబడితే నోటికి ఇబ్బంది. అందుకే మధ్యలో యకారమో, వకారమో వంతెన వేస్తుంది. ఇంగ్లిషులోనూ అవే రెండు వంతెనలు. 'సీ ఇట్' అంటే 'సీయిట్'. 'ఐ అగ్రీ' అంటే 'ఐయగ్రీ'. 'గో ఆన్' అంటే 'గోవాన్'. 'డూ ఇట్' అంటే 'డూవిట్'.

ఏది ఎప్పుడు వస్తుందో చెప్పడం కష్టం కాదు. ముందు మాట ఇ, ఈ, ఏ, ఐలతో ముగిస్తే యకారం. ఉ, ఊ, ఓ, ఔలతో... అంటే పెదాలు గుండ్రంగా చుట్టి ముగిస్తే వకారం. ఇక్కడే మనకూ వాళ్లకూ ఓ చిన్న తేడా. వాళ్ల వంతెనను ముందున్న అచ్చు నిర్ణయిస్తుంది. మన మాటలో ఎక్కువగా వెనకొచ్చే అచ్చు చూస్తుంది. మా తర్వాత ఊరు వస్తే వకారం, ఇల్లు వస్తే యకారం... ముందున్నది రెండుచోట్లా 'మా'నే కదా.

చూడ్డానికి చిన్న తేడా. చేసే అల్లరి మాత్రం పెద్దది. వెనకొచ్చే అచ్చును చూసే అలవాటు వల్ల, ముందు ఏ అచ్చూ లేకపోయినా మనం యకారాన్నీ వకారాన్నీ పెట్టేస్తుంటాం. ఎగ్‌ను 'యెగ్గు' అంటాం. ఎమ్మేను 'యెమ్మే' అంటాం. ఓన్లీని 'వోన్లీ' చేస్తాం. ఇంగ్లిషువాడి యకారం రెండు అచ్చుల మధ్య మెరుపులా మెరిసి పోతుంది. మాట మొదట్లో రాదు. అందుకే చెవి (ఇయర్) గురించి చెబుతుంటే సంవత్సరం (యియర్) గురించనుకుని అవతలివాడు తికమకపడతాడు. అంటే ఈ సంధి మనకు వినడంలో ఎంత సాయం చేస్తుందో, పలకడంలో అంత ముంచుతుంది.

మింగేసిన టకారం

అతికించడం, చేర్చడం అయ్యాయి. ఇక మింగేయడం. మన సీమలో 'ఏమి చేస్తా ఉన్నావు' అని ఎవరైనా పూర్తిగా అంటారా? 'ఏంజేస్తాండావ్' అంటారు. ఎన్ని అక్షరాలు మింగేశామో లెక్కపెట్టుకోండి. 1969లో స్పెయిన్ నుంచి ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి ఆర్డీటీ మొదలుపెట్టినప్పట్నుంచీ ఎంతోమంది విదేశీయులు ఈ జిల్లాకు వచ్చారు. పుస్తకంలో తెలుగు నేర్చుకుని వచ్చినవాళ్లకు ఈ మాట మొదటిసారి వింటే ఏమర్థమవుతుంది? అచ్చంగా మన అమ్మాయి పరిస్థితే!

ఇంగ్లిషులో ఎక్కువగా బలయ్యేవి టకార డకారాలు. అదీ ఎక్కడబడితే అక్కడ కాదు. అటో హల్లు, ఇటో హల్లు ఉండి, మధ్యలో ఇరుక్కున్నప్పుడు. 'నెక్స్ట్ డే' అన్నది 'నెక్స్ డే'. 'లాస్ట్ వీక్'... 'లాస్ వీక్'. 'ఓల్డ్ మ్యాన్'... 'ఓల్ మ్యాన్'. అదే నెక్స్ట్ తర్వాత అచ్చు వస్తే టకారం ప్రాణం పోసుకుని అటు దూకేస్తుంది. 'నెక్స్ట్ ఈవినింగ్' అంటే 'నెక్స్టీవ్నింగ్'. ఇరుక్కుంటే పోతుంది, దారి దొరికితే దూకుతుంది.

హకారం ఇంకో బలిపశువు. హీ, హిమ్, హర్, హావ్ లాంటి చిన్న మాటలు వాక్యం మధ్యలో నొక్కు లేకుండా వస్తే వాటి హకారం ఎగిరిపోతుంది. 'టెల్ హిమ్' అంటే 'టెలిమ్'. 'ఆస్క్ హర్' అంటే 'ఆస్కర్'. సినిమా అవార్డు ఏమీ కాదు! వేగం మరీ ఎక్కువైతే వాక్యం మొదట్లోని హావ్ కూడా తప్పించుకోలేదు. మనం చెప్పుకుంటున్న ఫోన్‌కాల్‌లో 'హావ్ యూ' కాస్తా 'వ్యు' అయిపోయింది అందుకే.

ఇంతవరకూ పోయినవాటి వల్ల పెద్ద నష్టం లేదు. టకారం పోయినా నెక్స్ట్ డే అర్థం మారదు. అసలు ప్రమాదం రెండుచోట్ల ఉంది.

ఒకటి, జరిగిపోయిన కాలం. 'ఐ వర్క్‌డ్ దేర్' అంటే అక్కడ పనిచేశాను అని. మధ్యలో ఇరుక్కున్న టకారం పోతే మిగిలేది 'ఐ వర్క్ దేర్'. అంటే పనిచేస్తున్నాను అని! రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఎంత మంచి చెవికైనా అంతే, లేని ధ్వనిని ఎవరూ వినలేరు. ఇక్కడ పనికొచ్చేది చెవి కాదు, సందర్భం. ముందో వెనకో 'లాస్ట్ ఇయర్' లాంటి మాట ఉందేమో పట్టుకోవాలి. లేదా మళ్లీ అడగాలి.

రెండోది మరీ ఘోరం. 'కెన్', 'కాన్ట్'. అవునుకీ కాదుకీ తేడా! 'ఐ కాన్ట్ వెయిట్' అన్నప్పుడు చివరి టకారం హల్లుల మధ్య పడి తరచూ వినిపించదు. అందరూ ఆ టకారం కోసమే చెవులు రిక్కిస్తారు. అది లేకపోయేసరికి 'కెన్' అనుకుంటారు. కిటుకు టకారంలో లేదు, అచ్చులో ఉంది. 'కెన్' అన్నది వాక్యం మధ్యలో నలిగిపోయి 'కన్' అని, ఒక్కోసారి 'క్న్' అని పొట్టిగా దాటిపోతుంది. కాదన్నప్పుడు మాత్రం బ్రిటిష్ నోట్లో 'కా...న్' అని పొడుగ్గా, అమెరికా నోట్లో 'క్యాన్' అని స్పష్టంగా, నొక్కి వస్తుంది. నలిగితే అవును, నొక్కితే కాదు. ఇందులోనూ ఓ మెలిక ఉంది. 'యెస్, ఐ కెన్' అని వాక్యం చివర వస్తే 'కెన్' కూడా పూర్తిగా పలుకుతుంది. అమెరికా మాటలో అయితే అక్కడ టకారం ఉందో లేదో చూసుకోవాల్సిందే.

పదిహేను సెకన్లు, ఒక పెన్సిలు

ఇంతకీ ఆ అమ్మాయి తర్వాత ఏం చేసింది? మాస్టారు ఓ పద్ధతి చెప్పారు. ఇంగ్లిషులో కాకుండా, వినిపించింది వినిపించినట్టు తెలుగులో రాయమన్నారు! పిచ్చి సలహాలా ఉందిగానీ ఆలోచిస్తే అంతకన్నా తెలివైనది లేదు. ఇంగ్లిషు లిపిలో రాయాలంటే ముందు స్పెల్లింగు తెలియాలి. అంటే మాట తెలిసి ఉండాలి. తెలుగు లిపి అలా కాదు, చెవిలో పడింది పడినట్టు పెడుతుంది. పైగా హల్లునూ అచ్చునూ కలిపి ఒకే అక్షరం చేయడం దాని పుట్టుకలోనే ఉంది. 'నవర్' అని రాసుకోగానే 'న'లో దాగిన హల్లు, అచ్చు కంటికి కనబడతాయి. విడదీయడమే తరువాయి.

ఆమె నోటుపుస్తకం చూశాం. రోజుకు పదిహేను ఇరవై సెకన్ల మాటే తీసుకుంటుంది. బీబీసీవాళ్ల 'సిక్స్ మినిట్ ఇంగ్లిష్' లాంటివైతే రాతప్రతి కూడా దొరుకుతుంది, సరిచూసుకోవచ్చు. రాతప్రతి లేనిదాన్ని ఎంచుకుంటే చేసింది తప్పో ఒప్పో చెప్పేవాళ్లుండరు.

మొదటిసారి పెన్సిలు పట్టుకోకుండా వినడమే. రెండోసారి గట్టిగా నొక్కి పలికిన మాటలు మాత్రం రాసుకోవడం. ఇది ముఖ్యం. మనం తెలుగులో దాదాపు ప్రతి అక్షరానికీ ఒకేలాంటి బరువిస్తాం. ఇంగ్లిషులో కొన్ని మాటలు గుంజల్లా నిలబడతాయి, మిగతావి వాటి మధ్య తాడులా సాగుతాయి. ఆ ఫోన్ వాక్యంలో గుంజలు నాలుగే: గాట్, అవర్, టూ, ఫ్రైడే. ఆ నాలుగూ దొరికినా చాలు, అడిగింది తీరిక గురించని తెలిసేది.

మూడు, నాలుగు, ఐదోసార్లు మధ్య తాడును తెలుగులో నింపడం. అర్థం కాకపోయినా సరే, వినిపించింది రాయాలి. తెలియనిచోట ఎన్ని అక్షరాల దెబ్బలు వినబడ్డాయో అన్ని చుక్కలు పెట్టాలి. ఐదుసార్ల తర్వాత ఆపేయాలి. అప్పటికీ పట్టుబడనిది యాభైసార్లు విన్నా పట్టుబడదు. వేగం తగ్గించి వినొచ్చు కదా అంటారేమో. ఫోన్లో ఆ సౌకర్యం ఉంది, అతుకుల దగ్గర కొంత పనికొస్తుంది. కానీ పోయిన టకారం మెల్లగా తిప్పితే తిరిగి రాదు. 'నెక్స్ డే' ఎంత సాగదీసినా 'నెక్...స్ డే...'నే.

ఆ తర్వాత రాతప్రతి తెరిచి, దాని మీద మూడు గుర్తులు. అతుక్కున్నచోట కింద కొక్కెం. మింగేసిన అక్షరానికి అడ్డగీత. కొత్తగా చేరిన యకార వకార రకారాలకు చుట్టూ సున్నా. మన తొమ్మిది మాటలకు గుర్తులు పెడితే ఇలా వస్తుంది: హావ్‌లో హకారానికి అడ్డగీత. గాట్, ఎన్ మధ్య కొక్కెం. ఎన్, అవర్ మధ్య కొక్కెం. అవర్, ఆర్ మధ్య కొక్కెం. ఆర్ చివరి రకారానికి అడ్డగీత. టూ, ఆన్ మధ్య వకారం రాసి సున్నా. ఆన్, ఫ్రైడే మధ్య ఏమీ లేదు. హల్లుకు హల్లు ఎదురైంది కాబట్టి దూకడానికి చోటులేదు.

అన్నింటికన్నా మాకు నచ్చింది ఆమె నోటుపుస్తకంలో చివరి వరుస. ప్రతి తప్పుకూ పక్కన 'తె' అనో 'తెలీ' అనో రాసి ఉంటుంది. తెలిసిన మాటే అయినా వినిపించకపోతే 'తె'. మాటే తెలియకపోతే 'తెలీ'. మొదటి వారం పేజీల్లో వరసగా అన్నీ 'తె'లే. అంటే ఆమెకు లోటు పదాల్లో లేదు, అతుకుల్లో ఉంది. మీ పుస్తకంలో 'తెలీ'లు ఎక్కువ వస్తే మాత్రం ఈ అభ్యాసం పక్కనపెట్టి, ముందు పదాలు నేర్చుకోవడమే మేలు. లేని పదాన్ని ఏ సంధీ వినిపించదు.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకు ఇది మరీ అవసరం. అందులో వినికిడి పరీక్ష నలభై ప్రశ్నలు. రికార్డింగు వేసేది ఒక్కసారే. ఇంట్లో ఐదుసార్లు విన్న అలవాటు అక్కడ చెల్లదు. అందుకే ఓ నెల తర్వాత నుంచి ఆమె ఐదును మూడుకు, మూడును ఒకటికి తగ్గించుకుంటూ వచ్చింది.

ఇక ఇలాగే మాట్లాడాలా అంటే... అక్కర్లేదు. లారండార్డర్ అనకపోతే ఎవరూ ఉద్యోగం ఇవ్వననరు. హల్లును అచ్చుకు అతికిస్తే మాట సాఫీగా సాగుతుంది కాబట్టి అదొక్కటీ అలవాటు చేసుకోవచ్చు. మింగేయడాలు మాత్రం అరువు తెచ్చుకోకపోవడమే మంచిది. ఇంగ్లిషువాళ్లు కూడా కామా దగ్గర ఆగినా, ఒక మాటను నొక్కి చెప్పాలన్నా, అంకెలో పేరో స్పష్టంగా చెప్పాలన్నా సంధులన్నీ విడగొట్టేస్తారు.

విడదీయండి చూద్దాం!

మాస్టారు ఆ అమ్మాయికి ఇచ్చినవాటిలోంచి ఆరు తీసుకొచ్చాం. ఇంట్లో ఒకరు గబగబా పైకి చదవండి, మిగతావాళ్లు కాగితం చూడకుండా విడదీయండి.

1. గోవవే
2. ఫస్ బస్
3. ఫోరోవర్జ్
4. షీయాస్క్టిమ్
5. లీవిటాన్ ద టేబుల్
6. ఐకన్ వెయిట్, ఐకాన్ వెయిట్

జవాబులివీ. మొదటిది 'గో అవే', వకారం చేరింది. రెండోది 'ఫస్ట్ బస్', టకారం ఇరుక్కుని పోయింది. మూడోది 'ఫోర్ ఓవర్స్', రకారం బతికింది. నాలుగోది కాస్త గట్టిది: 'షీ ఆస్క్‌డ్ హిమ్'. ముందు యకారం చేరింది, హిమ్‌లో హకారం పోయింది, అది పోవడంతో ఆస్క్‌డ్ చివరి టకారానికి దారి దొరికి అచ్చు మీదికి దూకింది. అయిదోది 'లీవ్ ఇట్ ఆన్ ద టేబుల్'. అందులో వకారం చూసి వంతెన అనుకున్నారేమో, కాదు. అది లీవ్‌లో సొంతంగా ఉన్నదే. మాస్టారు కావాలనే పెట్టారట.

ఆరోదానికి మాత్రం చదివేవాళ్లు జాగ్రత్తపడాలి. మొదటిది నలిపి, రెండోది సాగదీసి చదవాలి. మొదటాయన ఎంతసేపైనా ఆగుతానంటున్నాడు. రెండో ఆయన ఆగలేనంటున్నాడు. మా ఆఫీసులో చదివి వినిపిస్తే నలుగురిలో ముగ్గురు ఇద్దరినీ ఆపేశారు.